జీలకర్ర బెల్లం బొమ్మ అడిగితే గిన్నెలో జీలకర్ర పోసి ఇస్తోంది, ఎందుకు?

ఛత్తాబజార్_కార్డులు

నాది పెళ్లికార్డుల పని. ఉప్పల్ నుంచి ఒక పార్టీ వచ్చింది. కార్డు లోపలి పేజీలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న బొమ్మ కావాలట. ఫొటోలా కాకుండా చేత్తో గీసినట్టు ఉండాలట. ఇదివరకు ఇలాంటివి ఒక ఆర్టిస్టుతో గీయించేవాణ్ణి, నాలుగు రోజులు పట్టేది. ఈసారి ఏఐతో గంటలో తేల్చేద్దామనుకున్నాను. రెండు రాత్రులు పోయాయి.

మొదట ఇంగ్లిష్‌లో "తెలుగు పెళ్లి, జీలకర్ర బెల్లం" అని కొట్టాను. ఇద్దరూ నవ్వుతూ కూర్చున్నారు. వాళ్ల ముందు రెండు ఇత్తడి గిన్నెలు, ఒకదాంట్లో జీలకర్ర, ఒకదాంట్లో బెల్లం ముక్కలు. అమ్మాయికి ఎర్ర లెహంగా, అబ్బాయికి షేర్వాణీ, తలపాగా. "సౌత్ ఇండియన్" అని కలిపితే లెహంగా పోయి పట్టుచీర వచ్చింది గానీ వెనకాల కేరళ కొబ్బరిచెట్లు వచ్చాయి. మధుపర్కాలంటే దానికి తెలియదేమోనని "ఎర్ర అంచు తెల్ల చీర" అని విడమరిచి రాశాను. ఈసారి అమ్మాయి బెంగాలీ అయిపోయింది! చేతులకి శంఖు గాజులు, నెత్తిన తెల్ల కిరీటం.

అసలు తప్పు మా ఆవిడ పట్టుకుంది. ప్రతి బొమ్మలోనూ అమ్మాయి మెడలో అప్పటికే తాళి ఉంది, పాపిట్లో సిందూరం ఉంది. ఇంకా జీలకర్ర బెల్లమే అవలేదు, తాళి ఎవడు కట్టాడు?

ఇలా ఎందుకు వస్తోందో తెలిసినవాళ్లు చెప్పండి. గురువారానికి ప్రూఫ్ ఇవ్వాలి.

ఆవకాయ_నెయ్యి

"తాళి ఎవడు కట్టాడు" అని కార్డు మీదే వేయించండి. చుట్టాలందరూ ముహూర్తానికి గంట ముందే దిగుతారు.

గుంటూరు_గోంగూర

ఇందులో తెలియనిదేముంది. కంపెనీలన్నీ బయటివి. మన పెళ్లిళ్ల ఫొటోలు వాటి దగ్గర లేవు. లేనిది ఎక్కడినుంచి తెస్తుంది? మనవాళ్లు ఫొటోలు ఎక్కువగా నెట్‌లో పెడితే అదే నేర్చుకుంటుంది.

ఉప్పల్_ఉమక్క

మన పెళ్లిళ్ల ఫొటోలు నెట్‌లో లేవా? ప్రీ వెడ్డింగ్ షూట్‌తో మొదలుపెట్టి పదహారు రోజుల పండగ దాకా అన్నీ అక్కడే కదా ఉన్నది. ఒక్కో పెళ్లికి రెండువేల ఫొటోలు.

ఎల్బీనగర్_ఎల్లయ్య

ఛత్తాబజార్ అన్నా, మా చెల్లె పెండ్లి ఉంది. వంద కార్డులకి ఎంతయితది?

పిక్సెల్_పంతులు

ఉమక్క అన్నదే నిజం. గోంగూర చెప్పింది సగం వరకే కరెక్టు. బొమ్మల మోడళ్లకి డేటా తయారుచేయడం నా ఉద్యోగం, మాదాపూర్‌లో. అక్కడ రోజూ చూసేదే చెబుతున్నాను.

ఫొటో ఉన్నంత మాత్రాన మోడల్‌కి ఏమీ తెలియదు. ఫొటో పక్కన ఒక వాక్యం ఉండాలి. బొమ్మని, వాక్యాన్ని జతగా చూసే అది నేర్చుకుంటుంది. మీ పెళ్లి ఫొటోగ్రాఫర్ రెండువేల ఫొటోలు పెట్టాడు సరే, వాటి కింద ఏం రాశాడు? "బ్యూటిఫుల్ కపుల్", "మేడ్ ఫర్ ఈచ్ అదర్", లేకపోతే కెమెరా ఇచ్చిన ఫైలు నంబరు. జీలకర్ర బెల్లం ఫొటో లక్షణంగా ఉంది, జీలకర్ర బెల్లం అనే మాట మాత్రం దాని దగ్గర లేదు. ఆ మాట నెట్‌లో ఎక్కువగా కనిపించేది వంటల పేజీల్లో. అందుకే మీకు గిన్నెలొచ్చాయి. మాట ఎక్కడుందో బొమ్మ అక్కడినుంచే వస్తుంది.

గుంటూరు_గోంగూర

అయితే ఫొటోగ్రాఫర్లు సరిగ్గా రాస్తే అయిపోతుందిగా.

పిక్సెల్_పంతులు

రాసినా సగం జల్లెడలో పోతుంది. 2022లో లయాన్-5బి అని ఒక పెద్ద సంకలనం బయటికొచ్చింది. అందులో 585 కోట్ల బొమ్మ-వాక్యం జతలున్నాయి, 230 కోట్ల పైచిలుకు ఇంగ్లిష్ వాక్యాలే. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల మోడల్ మొదటి రకాలు ముఖ్యంగా ఆ ఇంగ్లిష్ భాగం మీదే తయారయ్యాయి. ఆ సంకలనం ఎలా చేశారంటే, నెట్‌లో దొరికిన ప్రతి జతనీ క్లిప్ అనే ఇంకో మోడల్‌కి చూపించారు. ఈ వాక్యం ఈ బొమ్మకి సరిపోతుందా అని అది మార్కు వేస్తుంది. మార్కు తక్కువైతే ఆ జతని తీసేస్తారు.

చిక్కంతా ఇక్కడే. క్లిప్‌కి "రెడ్ లెహంగా బ్రైడ్" బాగా తెలుసు, మంచి మార్కు పడుతుంది. అరుదైన తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన వాక్యానికి మార్కెలా పడుతుంది? దానికి ఆ మాటే తెలియదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి మన మొహం తెలియకపోతే మన పెళ్లికే మనల్ని రానివ్వడు. అలాంటిదే ఇదీ.

ఆవకాయ_నెయ్యి

ఫంక్షన్ హాల్లో అది మామూలే. అబ్బాయి తరఫా అమ్మాయి తరఫా అని అడుగుతాడు. "ఏఐ తరఫు" అనాలి కాబోలు.

పాతబస్తీ_పాషా

మీకు కనీసం గిన్నెలు మారుతున్నాయి భయ్యా. నేను "హైదరాబాద్ ముస్లిం కుటుంబం భోజనం చేస్తోంది" అని అడిగాను, మా అబ్బాయి స్కూల్ చార్టు కోసం. కిటికీలోంచి చార్మినార్, ప్రతి మగాడికీ గడ్డం, టోపీ, ప్రతి ఆడమనిషికీ బురఖా. ఇంట్లో, సొంత డైనింగ్ టేబుల్ దగ్గర బురఖా ఎవరు వేసుకుంటారు? పైగా అందరూ ఏడుపు మొహాలతో ఉన్నారు, ఎదురుగా బిర్యానీ పెట్టుకుని!

పెళ్లికూతుర్ని అడిగాను. మా దగ్గర ఖడా దుపట్టా ఉంటుంది, కుర్తా, చూడీదార్ మీద ఆరుగజాల దుపట్టా చుట్టి కట్టేది, హైదరాబాద్‌కే ప్రత్యేకం. మా అమ్మీ కట్టుకుంది, మా అక్క కట్టుకుంది. ఎన్నిసార్లు అడిగినా లెహంగా, తలమీద ముసుగు. ఆ మాట రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

పిక్సెల్_పంతులు

పాషా భాయ్, మీరు అనుకోకుండా ఒక మంచి పరీక్ష చేశారు. మాట ఉంచి పది బొమ్మలు, మాట తీసేసి పది బొమ్మలు వేయించి పక్కపక్కన పెట్టాలి. తేడా ఏమీ లేకపోతే ఆ మాట మోడల్‌కి తెలియనట్టే. తెలిసి తప్పుగా వేయడం వేరు, తెలియక దగ్గర్లో ఉన్నది వేసేయడం వేరు. ఒక్క బొమ్మ చూసి ఏదీ తేల్చకండి, ఒకటి కాకతాళీయంగా బాగా రావచ్చు.

"ఇండియన్" అనే మాట అయితే దానికి తెలుసు, కానీ ఒకే మనిషిగా తెలుసు. 2023లో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అనే పత్రిక మిడ్‌జర్నీతో మూడువేల బొమ్మలు వేయించి చూసింది. "ఒక భారతీయుడు" అని అడిగితే దాదాపు ప్రతిసారీ గడ్డం ఉన్న ముసలాయనే వచ్చాడు.

కూకట్‌పల్లి_కిరణ్

మా ఇంటి సంగతి. అపార్ట్‌మెంట్ సంక్రాంతి పోస్టర్‌కి "తెలుగు కుటుంబం టిఫిన్ తింటోంది" అని కొట్టాను. పెంకుటిల్లు, నూనె దీపం, తాతగారికి తలపాగా, అందరూ పట్టుబట్టల్లో అరిటాకు మీద ఇడ్లీ. టిఫిన్‌కి పట్టుబట్టలా! మా నాన్న నిక్కర్లో ఉంటారు. మా అమ్మ నైటీ మీద చున్నీ. ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు ప్లేట్లు, టీవీలో వార్తలు. అది ఒక్కసారి కూడా రాలేదు.

ఉప్పల్_ఉమక్క

నైటీలో ఉన్నప్పుడు ఎవరన్నా ఫొటో తీస్తే ఊరుకుంటామా? తీసినా నెట్‌లో పెట్టనిస్తామా? మరి దానికెట్ల తెలుస్తది.

పిక్సెల్_పంతులు

ఉమక్కా, మా ఆఫీసులో ఇదే విషయం మీద గంట మీటింగ్ పెట్టారు. మీరు రెండు వాక్యాల్లో చెప్పేశారు. జనం ఫొటో తీసుకునేది ముస్తాబైనప్పుడు. మామూలు రోజు మామూలు ఇంటి ఫొటోలు అమ్మేది స్టాక్ ఫొటోల వాళ్లు. వాళ్లకి "ఇండియన్ ఫ్యామిలీ" అంటే ఎవరో కొనాలి కాబట్టి చూడగానే ఇండియా అని తెలియాలి. అందుకని చీర, బొట్టు, దీపం పెడతారు. దానిమీద ఇంకో జల్లెడ, అందం మార్కులు. బాగున్న బొమ్మలనే ఏరి చివర్లో మళ్లీ నేర్పిస్తారు. ట్యూబ్‌లైట్ కింద స్టీలు ప్లేటు ఆ పరీక్ష పాసవదు.

పురోహితం_సోమయాజి

ఒక్క మాట. సుముహూర్తం అంటే తాళి కట్టే సమయం అని చాలామంది అనుకుంటారు. శుభలేఖలో వేసే ముహూర్తం జీలకర్ర బెల్లానిదే. మధ్యలో తెర పట్టుకుంటారు, తమలపాకులో పెట్టిన ముద్దని ఒకరి తలమీద ఒకరు ఉంచుతారు. ఆ తరవాత తెర తీస్తారు, అప్పుడు ఒకరినొకరు చూసుకుంటారు. మాంగల్యధారణ ఆ తరవాత. కాబట్టి ఆ బొమ్మలో మెడలో తాళి ఉండరాదు, తెర లేకుండా ఉండరాదు. నుదుట బాసికాలు ఉండాలి. ఇద్దరికీ మధుపర్కాలు ఉండాలి.

వరంగల్_వాకిలి

పంతులుగారూ, "ఉండాలి" అంటే ఎవరికి ఉండాలి? మా ఇండ్లల్ల మధుపర్కాలు అందరికీ లేవు. మా అక్క లగ్గం పట్టుచీరెల్నే అయింది, మా బావ సూటు మీద కండువా ఏసుకున్నడు. ఏఐ ఒక రకం పెండ్లిని ఇండియన్ పెండ్లి అంటున్నదని తిడుతున్నం. మనం కూడా ఒక రకం పెండ్లిని తెలుగు పెండ్లి అంటే అదేగా చేసింది?

పురోహితం_సోమయాజి

మీరన్నది తోసిపుచ్చను. నేను చేయించే పెళ్లిళ్ల మాట చెప్పాను. అయినా తాళి ముందే ఉండటం మటుకు ఎవరి పెళ్లిలోనైనా తప్పే కదా.

మల్కాజిగిరి_మేరీ

మా పెళ్లిలో తాళి చర్చిలో కట్టారు, నేను కట్టుకున్నది తెల్ల పట్టుచీర. "తెలుగు క్రిస్టియన్ పెళ్లి" అని కొట్టి చూడండి. తెల్లజాతి అమ్మాయి, గౌను, బొకే. "తెలుగు" అన్నది ఎటుపోయిందో.

ఛత్తాబజార్_కార్డులు

వరంగల్ చెప్పిన మాట బాగుంది. పార్టీని ఫోన్ చేసి కనుక్కున్నాను. వాళ్లింట్లో మధుపర్కాలు ఉన్నాయి, బాసికాలు ఉన్నాయి, తెర ఉంది. కాబట్టి నాకు అవే కావాలి.

పంతులూ, మళ్లీ కూర్చున్నాను. "సిందూరం వద్దు, మంగళసూత్రం వద్దు" అని స్పష్టంగా రాశాను. ఈసారి సిందూరం ఇంకా మందంగా వచ్చింది! తెర అని రాస్తే వెనకాల కిటికీ కర్టెన్ వేలాడదీసింది.

పిక్సెల్_పంతులు

"వద్దు" అని చాలా మోడళ్లకి చెప్పకూడదు. అవి నేర్చుకున్న వాక్యాలన్నీ బొమ్మలో ఉన్నవాటి గురించి. లేనిదాని గురించి ఫొటో కింద ఎవరు రాస్తారు? "ఇందులో సిందూరం లేదు" అని ఏ ఫొటోగ్రాఫరూ రాయడు. అందుకని మీరు సిందూరం పేరెత్తగానే దానికి సిందూరమే వినపడుతుంది, "వద్దు" వినపడదు. కొన్ని టూల్స్‌లో వద్దన్నవి రాయడానికి వేరే డబ్బా ఉంటుంది, అక్కడ రాస్తే కొంత పనిచేస్తుంది. లేకపోతే ఉన్నదాన్ని చెప్పండి: పాపిట్లో పాపిటబిళ్ల, మెడలో పూలదండ. ఆ చోటు ఇంకోదానితో నిండితే అది దూరదు.

మీ బెంగాలీ అమ్మాయి సంగతి కూడా ఇంతే. తెల్లచీర, ఎర్ర అంచు, పెళ్లి, ఈ మూడూ ఒకచోట చేరిన ఫొటోలు దాని దగ్గర బెంగాల్‌వే ఎక్కువ. అక్కడికి వెళ్లాక చీర ఒక్కటీ తీసుకుని రాదు, గాజులు, కిరీటం అన్నీ కట్టగట్టి తెస్తుంది. నుదుట బాసికం అని రాస్తే అది కిరీటానికి ఇంకాస్త తోడవుతుంది. తాళి కూడా అలాంటి కట్టే. "ఇండియన్ బ్రైడ్" అంటే దానికి నగలు, సిందూరం, తాళి కలిసిన ఒక మూట. పెళ్లిలో ఏది ముందు, ఏది తరవాత అన్నది ఒక్క ఫొటోలో కనపడే విషయం కాదు. ఆల్బమ్‌లో మంచి పోజులన్నీ తాళి కట్టాక తీసినవేనాయె.

గుంటూరు_గోంగూర

మరి కొత్త మోడళ్లు బాగా వేస్తున్నాయంటున్నారు? వాటికి కంప్యూటరే ఫొటో చూసి పెద్ద పెద్ద వివరణలు రాస్తుందని చదివాను. ఫొటోగ్రాఫర్ ఏం రాసినా పర్లేదుగా ఇక.

పిక్సెల్_పంతులు

ఈసారి ముప్పావు వంతు కరెక్టు. 2023లో వచ్చిన డాల్-ఇ 3కి నేర్పిన వాక్యాల్లో 95 శాతం మెషీన్ రాసినవే. దానివల్ల ఎవరు ఎక్కడ కూర్చున్నారు, చేతిలో ఏముంది లాంటివి బాగా మెరుగయ్యాయి. కానీ ఆ రాసే మెషీన్‌కి జీలకర్ర బెల్లం తెలియాలి కదా. తెలియకపోతే "సంప్రదాయ దుస్తుల్లో ఉన్న భారతీయ జంట ఒకరి తల ఒకరు తాకుతున్నారు" అని రాస్తుంది. ఫొటోగ్రాఫర్ పొరపాటున సరైన పేరు రాసినా, దాని బదులు ఈ వాక్యమే ఎక్కుతుంది. ముందు పేరు లేక పోయేది, ఇప్పుడు ఉన్న పేరూ చెరిగిపోతోంది.

అయితే ఇందులోనే మీ పని జరిగే దారి కూడా ఉంది, ఛత్తాబజార్. పెళ్లికి పొరపాటున వచ్చిన కొరియావాడు ఏం చూస్తాడో అలా రాయండి. వాడికి మధుపర్కం తెలియదు, తెరసెల్ల తెలియదు, "తెలుగు" కూడా తెలియదు. కళ్లకు కనపడేది మాత్రమే రాస్తాడు. పెళ్లి అనే మాట కూడా మొదట తీసేసి చూడండి, ఆ మూట విప్పుకోకుండా ఉంటుంది. ముందు భంగిమ ఒక్కటీ రాబట్టండి:

```
two people sitting face to face, a plain cloth held up between them,
each reaching over it, one palm resting on top of the other's head
```

కూకట్‌పల్లి_కిరణ్

నేనూ వేసి చూశాను. తెర మధ్యలోకి వచ్చింది! కానీ అబ్బాయి చెయ్యి అమ్మాయి తలమీద ఉంది, అమ్మాయి చెయ్యి కూడా అమ్మాయి తలమీదే ఉంది. ఇంకోదాంట్లో మూడో చెయ్యి ఎవరిదో పైనుంచి దిగింది.

ఆవకాయ_నెయ్యి

మూడో చెయ్యి మేనమామది. పెళ్లిలో ఎవరో ఒకరు చెయ్యి పెట్టకుండా ఉండరు.

పిక్సెల్_పంతులు

కిరణ్‌కి జరిగింది వేరే రోగం. ఇక్కడ మాట తెలియకపోవడం కాదు. చెయ్యి తెలుసు, తల తెలుసు, తెర తెలుసు. ఎవరి చెయ్యి ఎవరి తలమీద అన్నది తప్పుతోంది. ఇద్దరు ఒకేసారి ఒకరినొకరు చేసే పని ఏదైనా ఇంతే, ఏ దేశం వాళ్లనైనా ఇలాగే చిక్కుముడి వేస్తుంది. దీనికి సంస్కృతి తెలియకపోవడం కారణం కాదు. అందుకే రెండింటినీ విడదీసి చూడమంటాను. మాటలు మార్చి మార్చి రాస్తే మొదటి తప్పు తగ్గుతుంది. రెండోదానికి మాటలు చాలవు, బొమ్మే చూపించాలి.

ఛత్తాబజార్, షాపులో ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టండి, దుప్పటి పట్టించండి, ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ ఫొటో ఎక్కించి, దాన్ని చేత్తో గీసిన బొమ్మగా మార్చమనండి. అక్కడ ఎంత మార్చాలో చెప్పే అంకె ఉంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. 0.4, 0.5 మధ్య మొదలుపెట్టండి. పెంచేకొద్దీ మీ ఫొటోని మరిచిపోయి దాని పాత అలవాటుకి పోతుంది, 0.7 దాటితే మళ్లీ షేర్వాణీ రావచ్చు. ఇంకోటి, చెప్పినమాట ఎంత గట్టిగా వినాలో చెప్పే అంకె వేరే ఉంటుంది. బాగా రావట్లేదని అందరూ దాన్ని పెంచుతారు. పెంచితే "బ్రైడ్" అనే మాట ఇంకా బ్రైడ్ అవుతుంది, నగలు రెట్టింపవుతాయి.

వరంగల్_వాకిలి

బతుకమ్మకి కూడా గిదే పని చేసిన నేను. నేను టీచర్ని, స్కూల్ల పోస్టర్ కావాలె. "బతుకమ్మ" అని రాస్తే నేలమీద పూలముగ్గు, ఓనం లెక్క. చుట్టూ ఆడోళ్ల చేతుల్ల కోలాటం కట్టెలు, కాదు కాదు, దాండియా కట్టెలు. పూలన్నీ ఒకటే నారింజ బంతి. తంగేడు లేదు, గునుగు లేదు.

తాంబాళంల పేర్చిన బతుకమ్మని ఫొటో తీసి ఎక్కించిన. ఆకారం నిలబడ్డది. కానీ గునుగుని ప్రతిసారీ గులాబీ చేస్తున్నది. రంగు అద్దిన గునుగు అంటే దాని లెక్కల పువ్వే కాదు కావచ్చు. పైన పసుపు గౌరమ్మని పెడితే దాన్ని కొవ్వొత్తి అనుకొని ఒత్తి ఎలిగించింది.

ఉప్పల్_ఉమక్క

గౌరమ్మకి ఒత్తి! మా అత్త చూస్తే ఫోన్ పగలగొడతది.

పాతబస్తీ_పాషా

నాకు ఒక సందేహం. కంపెనీలే సరిచేయొచ్చు కదా? లోపల "అన్ని రకాల మనుషుల్నీ చూపించు" అని రాసేస్తే?

పిక్సెల్_పంతులు

చేశారు భాయ్. 2024 ఫిబ్రవరిలో గూగుల్ జెమిని అలా చేయబోయి, పాతకాలపు జర్మన్ సైనికుల్ని కూడా రకరకాల జాతులవాళ్లుగా వేసింది. గొడవై మనుషుల బొమ్మలు వేయడమే కొన్నాళ్లు ఆపేశారు. పైనుంచి రంగు పూస్తే అంతే. మీ ఖడా దుపట్టా రావాలంటే ఖడా దుపట్టా అని పేరు రాసి ఉన్న ఖడా దుపట్టా ఫొటోలు కావాలి, దానికి అడ్డదారి లేదు. సొంతంగా ఒక పాతిక ముప్ఫై ఫొటోలతో చిన్న అదనపు శిక్షణ ఇచ్చుకోవచ్చు, లోరా అంటారు. అయితే అన్నీ మీ అక్క ఫొటోలే ఇస్తే ఇక ప్రతి పెళ్లికూతురికీ మీ అక్క మొహమే వస్తుంది.

పాతబస్తీ_పాషా

అక్క ఒప్పుకోదు. నా పెళ్లికే ఆల్బమ్ బయటికి ఇవ్వలేదు.

వరంగల్_వాకిలి

మన ఫొటోలు, మన పేర్లు మనమే రాసి ఉత్తగనే వాళ్లకి ఇయ్యాల్నా? నాకైతే అది సమజ్ కాదు.

పిక్సెల్_పంతులు

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నా జీతం అక్కడినుంచే వస్తుంది కాబట్టి నేను చెప్పినా మీరు నమ్మకూడదు.

ఛత్తాబజార్_కార్డులు

పని అయింది. ఏం జరిగిందో చెబుతాను.

షాపులో కుర్రాణ్ణి, మా మేనకోడల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. బెడ్‌షీట్ తెర. తెల్ల పంచె, ఎర్ర అంచు చీర నిజమైనవే కట్టించాను. ఇద్దరి నుదుటా అట్టముక్కతో బాసికాలు కట్టాను, మెడలో ఏమీ వేయలేదు. 0.45 దగ్గర బాగా వచ్చింది. తాళి లేదు, సిందూరం లేదు, ఎవరి చెయ్యి ఎదుటివాళ్ల తలమీదే ఉంది. 0.6 పెట్టి చూశాను, బాసికం మళ్లీ కిరీటం అయింది. బొమ్మలోనే "శుభలేఖ" అని తెలుగులో రాయమంటే ఒత్తులన్నీ జిలేబీల్లా చుట్టింది. అక్షరాలు నేనే విడిగా వేసుకున్నాను.

వేళ్లు మాత్రం సరిగా రాలేదు. చివరికి పాత ఆర్టిస్టునే పిలిచాను. వేళ్లు, తమలపాకు, అంచు ఆయనే గీశాడు, ఒక పూట పట్టింది. నాలుగు రోజుల డబ్బులే అడిగాడు, ఇచ్చాను.

కూకట్‌పల్లి_కిరణ్

పార్టీ ఏమన్నారు?

ఛత్తాబజార్_కార్డులు

అందరూ బాగుందన్నారు. పెళ్లికూతురి నానమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "పిల్లాడు పీటల మీద వాచీ పెట్టుకున్నాడేంటి" అంది. మా కుర్రాడి వాచీ! ఫొటోలో ఉన్నదాన్ని అది శ్రద్ధగా గీసింది. మేమెవరం చూడలేదు, ఆర్టిస్టు కూడా చూడలేదు.

ఆవకాయ_నెయ్యి

ముహూర్తం టైము చూసుకోవద్దా మరి.

పురోహితం_సోమయాజి

తీయించండి.

ఛత్తాబజార్_కార్డులు

తీయిద్దామనుకునేలోపు పెళ్లికూతురు ఉంచేయమంది. వాళ్లాయన నిజంగానే స్నానానికి కూడా తీయడట.

ఎల్బీనగర్_ఎల్లయ్య

అన్నా, వంద కార్డులకి ఎంతో చెప్పలే. మాకు బొమ్మ వద్దు, వినాయకుడు చాలు.